రెండో గోళీ చూశాక మొదటిదాని లెక్క ఎందుకు మారుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి 12వ తరగతి, సీబీఎస్ఈ. వర్క్‌షీట్‌లో ఒక సంచి: 5 ఎర్ర గోళీలు, 3 నీలం గోళీలు. చూడకుండా ఒకదాని తర్వాత ఒకటి రెండు తీయాలి, ఒకసారి తిరిగి వేస్తూ, ఒకసారి వేయకుండా. రెండింటికీ ట్రీ డయాగ్రమ్ గీయమన్నారు. రెండో గోళీ ఎర్రదయ్యే సంభావ్యత రెండు పద్ధతుల్లోనూ 5/8 అని జవాబుల పేజీలో ఉంది. ఒకటి తగ్గిపోయాక కూడా అదే ఎలా వస్తుంది? ఇంకోటి: తిరిగి వేయనప్పుడు, రెండోది ఎర్రదని తెలిస్తే మొదటిది కూడా ఎర్రదయ్యే సంభావ్యత 4/7 అంటున్నారు. మొదటిది ముందే తీసేశాం కదా, తర్వాత తీసింది దాన్నెలా మారుస్తుంది? మా అమ్మాయికి 20/56 వచ్చింది. ప్రింటు తప్పా?

జవాబు:

ప్రింటు తప్పు కాదండి, రెండు జవాబులూ సరైనవే. మీ అమ్మాయి వేసిన 20/56 కూడా లెక్కగా చూస్తే తప్పు కాదు. అది వేరే ప్రశ్నకు సరైన జవాబు. జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, గుణకారాలు తప్పులేకుండా చేసే పిల్లలు కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. కాబట్టి సూత్రం తర్వాత చూద్దాం, ముందు చెట్టు గీద్దాం. ఎరుపుకు R, నీలానికి B అని రాస్తున్నాను. తీసినది తిరిగి వేయకపోతే చెట్టు ఇలా ఉంటుంది:

```
R (5/8) ── R (4/7)    RR = 20/56
        └─ B (3/7)    RB = 15/56
B (3/8) ── R (5/7)    BR = 15/56
        └─ B (2/7)    BB =  6/56
```

ఇందులో రెండో వరుస కొమ్మల మీదున్న అంకెలను ఒక్కసారి నిదానంగా చూడండి. పై కొమ్మ మీది 4/7 "రెండోది ఎర్రదయ్యే సంభావ్యత" కాదు. "మొదటిది ఎర్రదని తెలిసిన తర్వాత రెండోది ఎర్రదయ్యే సంభావ్యత", అంటే P(R2|R1). కింది 5/7 అలాంటిదే, కాకపోతే మొదటిది నీలం అనే షరతు మీద. అంటే షరతుతో కూడిన సంభావ్యత ఎక్కడో చివరి ప్రశ్నలో కొత్తగా ఊడిపడేది కాదు, చెట్టు గీసినప్పుడే అది రెండో వరుసలో కూర్చుని ఉంది. పిల్లలు సంచి చూసి లెక్కపెట్టి రాసేస్తారు కాబట్టి దాని పేరు వాళ్లకు గుర్తుండదు.

తిరిగి వేసే చెట్టులో రెండో వరుస అంతా 5/8, 3/8 అని మళ్లీ వస్తుంది. అవి కూడా షరతుతో ఉన్నవే, కాకపోతే మొదటిది ఏదైనా సంచి పాత స్థితికే వస్తుంది గనుక రెండు షరతుల కిందా ఒకే అంకె. స్వతంత్ర ఘటనలంటే ఇంతే. షరతు ఉంది, కానీ దానివల్ల అంకె కదలదు.

ఇప్పుడు భిన్నాలను కాసేపు పక్కనపెట్టి మనుషులను తెచ్చుకుందాం. క్లాసులో నేనెప్పుడూ ఇలాగే చేస్తాను. 56 మంది పిల్లలున్నారు, ఒక్కొక్కరి చేతిలో ఇలాంటి సంచి ఒకటి ఉంది, అందరూ తిరిగి వేయకుండా రెండేసి గోళీలు తీశారు అనుకోండి. 56 ఎందుకంటే 8, 7 గుణిస్తే వచ్చేది అదే, ఎవరినీ సగానికి కోయాల్సిన పని ఉండదు. లెక్క ప్రకారం 35 మందికి మొదట ఎర్రది వస్తుంది, 21 మందికి నీలంది. ఆ 35 మంది సంచుల్లో ఇప్పుడు 4 ఎర్రవి, 3 నీలంవి మిగిలాయి గనుక వాళ్లలో 20 మందికి రెండోసారీ ఎర్రది, 15 మందికి నీలంది. అటు 21 మంది సంచుల్లో 5 ఎర్రవి, 2 నీలంవి ఉన్నాయి. వాళ్లలో 15 మందికి ఎర్రది, 6 మందికి నీలంది. (నిజంగా 56 మందిచేత తీయిస్తే మొదటి ఎర్రవి 35 రాకపోవచ్చు. 32 రావచ్చు, 38 రావచ్చు. ఇక్కడ మనం సగటున వచ్చేదాన్ని పట్టుకున్నాం.)

మీ మొదటి సందేహం ఇక్కడే తీరిపోతుంది. రెండోసారి ఎర్రది వచ్చినవాళ్లు ఎందరు? ఎర్ర తర్వాత ఎర్ర 20 మంది, నీలం తర్వాత ఎర్ర 15 మంది, మొత్తం 35. 35/56 అంటే 5/8. మొదట ఎర్రది తీసినవాళ్ల సంచిలో ఎరుపు తగ్గింది, నిజమే. కానీ మొదట నీలంది తీసినవాళ్ల సంచిలో నీలం తగ్గి, ఎరుపు వాటా పెరిగింది కూడా. "ఒకటి తగ్గిపోయాక" అన్నప్పుడు మీ మనసులో తగ్గింది ఎర్రదే. నీలంది తగ్గిన 21 మందిని కూడా లెక్కలోకి తెస్తే రెండు వైపులా సరిపోతుంది.

దీనికి లెక్కే అవసరం లేని దారి కూడా ఉంది. ఎనిమిది గోళీలను కళ్లు మూసుకుని ఒక్కొక్కటే తీసి వరుసగా నేల మీద పెట్టారనుకోండి. రెండో స్థానంలోకి ఏ గోళీ వస్తుందో ఎవరికీ తెలియదు, ఎనిమిదింటిలో దేనికైనా అక్కడికి వచ్చే అవకాశం సమానం. అందులో అయిదు ఎర్రవి. కాబట్టి 5/8. మూడో స్థానానికీ అంతే, ఎనిమిదో స్థానానికీ అంతే. ఇంట్లో చీటీలు వేసినప్పుడు "నేను ముందు తీస్తానంటే నేను ముందు" అని పిల్లలు కొట్టుకుంటారే, ఆ గొడవ అనవసరమని చెప్పడానికి ఇదే ఆధారం. అయిదుగురిలో ఒక్క చీటీకే బహుమతి ఉంటే మొదట తీసేవాడికి 1/5. రెండోవాడికి, ముందువాడు ఖాళీ చీటీ తీసి తనకు బహుమతి రావాలి: 4/5 × 1/4, మళ్లీ 1/5. చివరివాడి దాకా ఇదే. అయితే ఒక షరతు ఉంది: ముందువాడు తన చీటీ విప్పి చూపించకూడదు. చూపిస్తే రెండోవాడి లెక్క మారిపోతుంది. చూపించడం వల్ల డబ్బాలో చీటీలు మారలేదు, మారింది మనకు తెలిసిన విషయం.

మీ రెండో సందేహానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. తర్వాత తీసిన గోళీ ముందు తీసినదాని రంగు మార్చదు, నిజమే. సంభావ్యత చెప్పేది గోళీ రంగు కాదు, ఆ రంగు గురించి మనకు ఎంత తెలుసన్నది. ఇంట్లో ఇలా చేసి చూడండి. అమ్మాయి మొదటి గోళీ తీసి, తనూ చూడకుండా, గుప్పిట్లో మూసి పెట్టుకోవాలి. తర్వాత రెండో చేత్తో ఇంకొకటి తీసి బల్ల మీద పెట్టాలి. అది ఎర్రది. ఇప్పుడు గుప్పిట్లో ఏముంది? బల్ల మీదున్న ఎర్రది గుప్పిట్లో ఉండే అవకాశమే లేదు. మిగిలినవి ఏడు, వాటిలో ఎర్రవి నాలుగు, గుప్పిట్లో ఉన్నది ఆ ఏడింటిలో ఒకటి. కాబట్టి 4/7. బల్ల మీది గోళీ చూడకముందు 5/8 అనుకున్నాం, చూశాక 4/7 అంటున్నాం. గుప్పిట్లో ఏమీ జరగలేదు.

56 మంది లెక్కలోనూ అదే వస్తుంది. రెండోది ఎర్రది వచ్చినవాళ్లంతా నిలబడండి అన్నాం, 35 మంది లేచారు. మిగతా 21 మందితో ఇక మనకు పని లేదు. లేచినవాళ్లలో మొదటిది కూడా ఎర్రది వచ్చినవాళ్లు చేయెత్తండి అంటే 20 చేతులు. 20/35, అంటే 4/7. మీ అమ్మాయి 20 చేతులను సరిగ్గానే లెక్కపెట్టింది, కానీ కూర్చున్నవాళ్లను కూడా కలుపుకుని 56తో భాగించింది. "రెండూ ఎర్రవి అయ్యే సంభావ్యత ఎంత" అన్న ప్రశ్నకు 20/56 సరైన జవాబు. "రెండోది ఎర్రదని తెలిస్తే" అన్న మాట వినబడగానే క్లాసులో కొందరు కూర్చోవాలి, హారం చిన్నది కావాలి. సూత్రం చెప్పేది ఇదే:

```
P(R1|R2) = P(R1∩R2) / P(R2) = (20/56) / (35/56) = 20/35 = 4/7
```

మీ ప్రశ్న చాలా పాతదండి. బేయస్ సిద్ధాంతం పేరు మీద పాఠంలో ఉన్న థామస్ బేయస్ 1761లో చనిపోతే, ఆయన వ్యాసాన్ని మిత్రుడు రిచర్డ్ ప్రైస్ 1763లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించాడు. అందులో అయిదో ప్రతిపాదన దాదాపు మీ వర్క్‌షీట్ చివరి ప్రశ్నే. ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఘటనలు. రెండోది జరిగిందని ముందు తెలిసింది, దాన్నిబట్టి మొదటిదీ జరిగిందని ఊహిస్తే ఆ ఊహ నిజమయ్యే సంభావ్యత ఎంత అని. ఆయన చెప్పిన జవాబు కూడా రెండూ జరిగే అవకాశాన్ని రెండోది జరిగే అవకాశంతో భాగించడమే.

ఇదే ప్రశ్నను తిరిగి వేసే పద్ధతిలో అడిగితే? ఇప్పుడు 8 × 8, అంటే 64 మంది పిల్లలు కావాలి. 40 మందికి మొదట ఎర్రది, వాళ్లలో 25 మందికి మళ్లీ ఎర్రది, 15 మందికి నీలంది. మిగిలిన 24 మందిలో 15 మందికి ఎర్రది, 9 మందికి నీలంది. రెండోది ఎర్రది వచ్చి లేచినవాళ్లు 40, వాళ్లలో చేయెత్తినవాళ్లు 25. 25/40 అంటే 5/8. రెండోది ఎర్రదని తెలిసినా మొదటిదాని గురించి ఏమీ కొత్తగా తెలియలేదు, ఎందుకంటే మొదటిది అప్పటికే సంచిలోకి వెళ్లిపోయింది. "రెండోది ఎర్రదయ్యే సంభావ్యత" అన్న ఒక్క ప్రశ్న అడిగితే రెండు పద్ధతులూ 5/8 అనే అంటాయి, తేడా కనబడదు. రెండు గోళీలను కలిపి అడిగినప్పుడే అది బయటపడుతుంది.

అలా కలిపి అడిగే ప్రశ్న ఒకటి ఇలాంటి వర్క్‌షీట్లలో తరచూ ఉంటుంది: రెండూ ఒకే రంగువా, వేర్వేరు రంగులా? వేర్వేరు రంగులు రావడం తిరిగి వేస్తే 30/64, సుమారు 0.47. వేయకపోతే 30/56, సుమారు 0.54. ఒక రంగు తీసేస్తే సంచిలో దాని వాటా తగ్గి రెండో రంగు వాటా పెరుగుతుంది గనుక, తిరిగి వేయనప్పుడు కలగలుపు పెరిగే తీరాలి. నేను పేపర్లు దిద్దేటప్పుడు ముందు చూసేది ఇదే. వేర్వేరు రంగుల జవాబు తిరిగి వేయని చెట్టులో తక్కువ వచ్చిందంటే ఆ పిల్లవాడు రెండు చెట్లను తారుమారు చేశాడు, లేదా రెండో వరుసలో ఎక్కడో జారాడు.

ఆ జారడం కూడా ఎక్కువగా ఒకే రకంగా ఉంటుంది. పై అంకె తగ్గించి కింది అంకె మరిచిపోయి 4/7కు బదులు 4/8 వేస్తారు, పక్క కొమ్మ మీద 3/8. ఒకే చోట నుంచి చీలిన కొమ్మలను కూడితే 1 రావాలి, ఇక్కడ 7/8 వస్తుంది. ప్రతి చీలిక దగ్గరా ఈ కూడిక చేయించండి. కొందరు ఇంకో తప్పు చేస్తారు, దీన్ని పట్టుకోవడం కష్టం: మొదటిది ఏదైనా సరే ఎరుపునే తగ్గిస్తారు. కింది కొమ్మ మీద కూడా 4/7, 3/7 రాస్తారు. కూడితే 1 వస్తుంది, నాలుగు చివరలనూ కూడినా 1 వస్తుంది, పైకి ఏ తప్పూ కనబడదు. దీన్ని పట్టించేది మీరు అనుమానించిన ఆ 5/8 మాత్రమే. వాళ్ల చెట్టులో రెండోది ఎర్రదయ్యేది 5/8 × 4/7, 3/8 × 4/7 కూడితే 4/7 వస్తుంది. 5/8 రాలేదంటే చెట్టు తప్పు.

వర్క్‌షీట్లలో "రెండు గోళీలు ఒకేసారి తీశారు" అన్న మాట వస్తే అది తిరిగి వేయని లెక్కే. ఒక చేత్తో రెండు పట్టుకున్నా వాటిలో ఒకటి ముందు, ఒకటి వెనక అనుకుని చెట్టు గీసుకోవచ్చు. కాంబినేషన్లతో చేస్తే రెండూ ఎర్రవి రావడం 10/28, అదీ 20/56 అదీ ఒకటే. వరుస పట్టించుకోలేదు గనుక పైనా కిందా సగమయ్యాయి, అంతే.

ఇక బాగా చదివే పిల్లలను కూడా తికమక పెట్టే మాట "కనీసం ఒకటి ఎర్రది". మీ వర్క్‌షీట్‌లో ఉందో లేదో, పరీక్షలో రావచ్చు. "మొదటిది ఎర్రదని తెలిసింది, రెండూ ఎర్రవి అయ్యే సంభావ్యత ఎంత?" తిరిగి వేయకపోతే మొదటి కొమ్మ మీదే ఉంది, 4/7. ఇప్పుడు మాట కొంచెం మారుద్దాం: "కనీసం ఒకటి ఎర్రదని తెలిసింది, రెండూ ఎర్రవి అయ్యే సంభావ్యత ఎంత?" ఇదీ 4/7 అనే రాస్తారు, ఒకటి ఎర్రదని తెలిసింది కదా, రెండోది చూస్తే చాలని. కానీ 56 మందిలో ఎవరు లేస్తారో చూడండి. మొదటి ప్రశ్నకు 35 మంది లేచారు. రెండో ప్రశ్నకు రెండూ నీలంవైన 6 మంది తప్ప అందరూ, అంటే 50 మంది లేస్తారు. చేయెత్తేది అప్పుడూ ఇప్పుడూ అదే 20 మంది. కాబట్టి 20/50, అంటే 2/5. తిరిగి వేసే చెట్టులో అయితే లేచేది 55 మంది, చేతులు 25, జవాబు 5/11. ఏ గోళీ ఎర్రదో చెప్పకుండా ఒకటి ఎర్రది అని మాత్రమే చెబితే, నీలం తర్వాత ఎర్ర వచ్చిన ఆ 15 మంది కూడా లేచి నిలబడతారు, హారం పెరిగిపోతుంది. అందుకే ఏ షరతు వచ్చినా ముందు "ఎవరు లేవాలి" అని అడిగి, చెట్టు చివరల్లో ఆ దారులకు టిక్కు పెట్టమంటాను. భాగహారం ఆ తర్వాతే.

సంచి పెద్దదైతే ఈ తేడా కరిగిపోతుందని కూడా అమ్మాయికి చెప్పండి. 5,000 ఎర్రవి, 3,000 నీలంవి ఉంటే ఒక ఎర్రది తీశాక రెండోది ఎర్రదయ్యేది 4999/7999, దశాంశంలో 0.62495. తిరిగి వేస్తే 0.625. లక్షల మంది ఓటర్లలో వెయ్యి మందిని సర్వే చేసేవాళ్లు ఒకే మనిషిని రెండుసార్లు అడగరు, అది తిరిగి వేయని పద్ధతే. అయినా తిరిగి వేసినట్టే లెక్క కట్టేస్తారు, జనం ఎక్కువ గనుక తేడా లెక్కలోకి రాదు. ఎనిమిది గోళీల సంచిలో మాత్రం అలా కుదరదు.

ఇంత చెప్పాక, "రెండోదాని సంభావ్యత ఎప్పుడూ మొదటిదాంతో సమానమే" అని అమ్మాయి కంఠస్థం చేస్తుందేమోనని నా భయం. అలా కాదు. నేల మీద వరుసగా పెట్టిన గోళీల వాదన నిలబడింది, ఏ స్థానానికైనా అన్ని గోళీలకూ సమాన అవకాశం ఉంది గనుక. నియమం మార్చి చూడండి: తీసిన గోళీని తిరిగి వేయకుండా, దానికి బదులు రెండో రంగు గోళీ ఒకటి బయటనుంచి తెచ్చి సంచిలో వేయాలి. ఎర్రది తీస్తే నీలంది వేస్తాం, సంచిలో 4 ఎర్రవి, 4 నీలంవి. నీలంది తీస్తే ఎర్రది వేస్తాం, 6 ఎర్రవి, 2 నీలంవి. ఇక్కడ గుప్పిట కిటుకు కూడా పనిచేయదు, ఎందుకంటే బల్ల మీదికి వచ్చిన ఎర్రది సంచిలో మొదటినుంచీ ఉన్నదో, ఇప్పుడు కొత్తగా వేసిందో మనకు తెలియదు. చెట్టు గీయడం తప్ప దారి లేదు.

ఇది అమ్మాయిచేతే గీయించండి, 64 మందితో మొదలుపెట్టమనండి. మొదట ఎర్రది వచ్చిన 40 మందిలో 20 మందికి, నీలంది వచ్చిన 24 మందిలో 18 మందికి రెండోది ఎర్రది రావాలి. మొత్తం 38/64, 5/8 కంటే కొంచెం తక్కువ. ఇప్పుడు రెండు వైపులా షరతు పెట్టి అడగండి. మొదటిది ఎర్రదైతే రెండోది ఎర్రదయ్యేది 20/40, అంటే 1/2. రెండోది ఎర్రదైతే మొదటిది ఎర్రదయ్యేది 20/38, అంటే 10/19. తిరిగి వేయని పద్ధతిలో ఈ రెండు ప్రశ్నలకూ 4/7 అనే వచ్చింది, అందుకని చాలామంది P(A|B), P(B|A) ఒకటేనని అనుకుని ముందుకెళ్లిపోతారు. ఇక్కడ రెండు అంకెలూ వేరు. ఎందుకు వేరయ్యాయో చేతులు ఎత్తించి తనంతట తాను చెప్పగలిగితే, చివరి ప్రశ్న మళ్లీ తనచేతే చేయించండి.